దగ్గరైన తర్వాతే ఆకర్షణ

ఇద్దరు యువకులను ఊహించుకుందాం. ఇద్దరికీ ఇరవై ఎనిమిదేళ్లు. హైదరాబాద్‌లో ఒకే ఆఫీసులో ఉద్యోగం. ఇద్దరికీ ఇప్పుడు చెప్పుకోదగ్గ ప్రేమకథ ఏదీ లేదు. ఆఫీసు పార్టీలో కొత్తమ్మాయి పరిచయమైతే ఇద్దరూ రెండు ముక్కలు మాట్లాడి పక్కకు తప్పుకుంటారు. పెళ్లిచూపుల నుంచి తిరిగొస్తూ కారులో అమ్మ "పిల్ల నచ్చిందా?" అని అడిగితే ఇద్దరూ నీళ్లు నములుతారు. ఇంట్లోవాళ్లూ స్నేహితులూ ఇద్దరి గురించీ ఒకే మాట అంటారు: "వాడికి సిగ్గెక్కువ."

మొదటివాడి విషయంలో ఆ మాట నిజమే. పార్టీలో ఆ అమ్మాయిని చూడగానే అతని గుండె వేగంగా కొట్టుకుంది, అరచేతులు చెమటలు పట్టాయి, చెప్పాలనుకున్నది గొంతులోనే ఆగిపోయింది. ఇంటికెళ్లాక రాత్రంతా ఆమె గురించే ఆలోచించాడు. ఇలా అనాల్సింది, అలా నవ్వాల్సింది అని మనసులోనే పది సంభాషణలు నడిపాడు.

రెండోవాడికి ఇందులో ఏ ఒక్కటీ జరగలేదు. ఆమె చక్కగా ఉందని గమనించాడు, మర్యాదగా మాట్లాడాడు, ప్లేటు తీసుకుని భోజనానికి వెళ్లాడు, ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయాడు. ఆమెకు దగ్గర కావాలన్న కోరికే పుట్టలేదు కాబట్టి అతను అణచుకోవలసిందీ ఏమీ లేదు. అలాగని అతనికి ఎవరిమీదా ఎప్పుడూ ఆకర్షణ కలగలేదా అంటే, కలిగింది. ఒకే ప్రాజెక్టులో ఏడాదిన్నర కలిసి పనిచేసిన సహోద్యోగి, తండ్రి ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ ఫోన్ చేసి కనుక్కున్న మనిషి, ఒకరోజు హఠాత్తుగా అతని కళ్లకు వేరేగా కనిపించింది. అప్పుడు కలిగిన ఆకర్షణ అందరికీ కలిగేలాంటిదే, బలమైనదే. కాకపోతే ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదంతా ఆమెను చూసి అతనికి అలా ఏమీ అనిపించలేదు.

ఈ రెండోవాడి అనుభవాన్ని డెమిసెక్సువాలిటీ అంటారు. గాఢమైన మానసిక అనుబంధం ఏర్పడ్డాకే తప్ప లైంగిక ఆకర్షణ కలగని స్వభావం అది. దాన్ని బిడియం నుంచి వేరుచేసి చూడడం ఎందుకు అవసరమంటే, ఈ ఇద్దరికీ ఇవ్వవలసిన సలహాలు ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. "కాస్త ధైర్యం చేసి మాట్లాడు" అన్నది మొదటివాడికి పనికొస్తుంది. అదే మాట విని రెండోవాడు ముందుకెళితే, తనలో లేని కోరికను నటించవలసి వస్తుంది. "తొందరపడకు, అదే వస్తుంది" అన్నది రెండోవాడికి ఊరట. మొదటివాడు దాన్ని పట్టుకుని కూర్చుంటే ఏళ్ల తరబడి ఎవరితోనూ మాట్లాడకుండా గడిపేస్తాడు.

ఈ పదానికి వయసు తక్కువ. లైంగిక ఆకర్షణ కలగనివారి కోసం అమెరికాలో డేవిడ్ జే 2001లో ఏవెన్ అనే సంస్థను ప్రారంభించాడు. అందులో చేరినవారిలో కొందరి అనుభవం మిగతావారితో పూర్తిగా కలవలేదు. తమకు ఆకర్షణ అసలు లేదనడానికి వీల్లేదు, అందరిలా ఉందనడానికీ వీల్లేదు. ఈ మధ్యస్థితికి పేరుగా 2006లో ఆ సభ్యుల మధ్య డెమిసెక్సువల్ అన్న మాట పుట్టింది. 2022లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువులోకీ చేరింది.

అదే రోజుల్లో అదే సభ్యుల మధ్య ఒక వివరణ కూడా తయారైంది. ఆకర్షణ రెండు దారుల్లో వస్తుందన్నది దాని సారాంశం. మొదటి దారిలో ఎదుటి మనిషి రూపం, గొంతు, నడక, వాసన వంటి తక్షణం అందే సంగతులే చాలు. అపరిచితుల మీద, సినిమా తారల మీద కలిగేది ఈ రకం. రెండో దారిలో పరిచయం పెరిగి, నమ్మకం కుదిరి, మనిషి లోపలి స్వభావం తెలిశాక ఆకర్షణ మొదలవుతుంది. చాలామందికి రెండు దారులూ తెరిచే ఉంటాయి. డెమిసెక్సువల్ వ్యక్తికి రెండోది మాత్రమే ఉంటుంది. ఈ విభజన ప్రయోగశాలలో తేలింది కాదు, తమ అనుభవాన్ని తాము అర్థం చేసుకోవడానికి మనుషులు గీసుకున్న పటం. అయినా బిడియం గురించిన గందరగోళాన్ని విడదీయడానికి ఇది బాగా ఉపయోగపడుతుంది.

కొన్ని అపోహలను ఇక్కడే తొలగించాలి. డెమిసెక్సువాలిటీ ఒక నియమమో వ్రతమో కాదు. పెళ్లిదాకా ఆగుదామని నిర్ణయించుకున్న మనిషికి కోరిక ఉండవచ్చు, దాన్ని ఆపుకుంటున్నాడంతే. ఇక్కడ ఆపుకోవడం అన్న ప్రశ్నే లేదు. కాబట్టి ఇది ఇతరులకన్నా పవిత్రమైన పద్ధతీ కాదు, తక్కువైనదీ కాదు. కామవాంఛ బొత్తిగా లేకపోవడం కూడా కాదు, శరీరానికి వాంఛ ఉంటూనే అది ఏ ఒక్క మనిషి వైపూ తిరగకపోవచ్చు. అందాన్ని గుర్తించలేకపోవడం అంతకంటే కాదు. ఫలానా నటి అందగత్తె అని వీళ్లూ ఒప్పుకుంటారు. చక్కటి చీరను మెచ్చుకున్నట్టు ఆ ముఖాన్ని మెచ్చుకుంటారు, ఆ మెచ్చుకోలు అక్కడితో ఆగిపోతుంది. ఇక ఆకర్షణ ఎవరి వైపు అన్నది వేరే విషయం. స్త్రీల వైపు, పురుషుల వైపు, ఇద్దరి వైపూ ఆకర్షితులయ్యేవారిలో డెమిసెక్సువల్ వ్యక్తులు ఉంటారు.

ఇప్పుడు బిడియం సంగతి చూద్దాం. మనస్తత్వ శాస్త్రంలో దీని మీద చాలా పని జరిగింది. స్టాన్‌ఫర్డ్‌లో ఫిలిప్ జింబార్డో 1970లలో చేసిన సర్వేల్లో దాదాపు 40 శాతం మంది తాము బిడియస్తులమని చెప్పుకున్నారు. అంటే అదేమీ అరుదైన లక్షణం కాదు. అంతకన్నా మనకు పనికొచ్చేది 1981లో జొనాథన్ చీక్, ఆర్నాల్డ్ బస్ ప్రచురించిన పరిశోధన. మనుషుల పొత్తు కోరుకోకపోవడం ఒకటి, మనుషుల ముందు బిగుసుకుపోవడం మరొకటి అని వాళ్లు చూపించారు. ఒకరితో ఒకరు పరిచయంలేని విద్యార్థినులను జంటలుగా కూర్చోబెట్టి గమనిస్తే, అందరికన్నా ఎక్కువ ఇబ్బందిపడినవాళ్లు బిడియంతో పాటు సాంగత్యపు కోరిక కూడా గట్టిగా ఉన్నవాళ్లే. వాళ్లే తక్కువ మాట్లాడారు, చూపులు తిప్పుకున్నారు, చేతులతో ముఖాన్నీ జుట్టునీ తడుముకున్నారు. కోరిక ముందుకు తోస్తుంటే భయం వెనక్కి లాగడమే బిడియం పెట్టే బాధ.

ఇందులోంచి ఒక తేలికైన పరీక్ష దొరుకుతుంది. బిడియానికి చూసేవాళ్లు కావాలి. ఎదుటివాళ్లు తనను గమనిస్తున్నారు, తూకం వేస్తున్నారు అన్న ఊహే దానికి ఊపిరి. కాబట్టి చూసేవాళ్లను తీసేసి చూడాలి. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు, తలుపు వేసుకున్నాక, తన ఊహలో తాను ఉన్నప్పుడు ఏం జరుగుతుంది? మెట్రోలో ఎదురుగా కూర్చున్న మనిషి గుర్తొచ్చి ఒళ్లు వెచ్చబడితే, ఆకర్షణ ఉన్నట్టే. దాన్ని బయటపెట్టే ధైర్యమే లేదు. ఎవరూ చూడనప్పుడు కూడా ఆ మనిషి ముఖం మెట్రో స్టేషన్ పేరులాగే మరపున పడిపోతే, అక్కడ బిడియం పని చేయడానికి ఏమీ లేదు.

ఈ పరీక్షకూ ఒక పరిమితి ఉంది. డెమిసెక్సువల్ వ్యక్తుల్లో కొందరికి కథల్లోని పాత్రల మీద ఆకర్షణ కలుగుతుంది. ఎనిమిది సీజన్ల సీరియల్ చూసి, ఒక పాత్ర కష్టసుఖాలన్నీ తెలిశాక, అది నటించిన మనిషి మీద కాక ఆ పాత్ర మీదే మనసవుతుంది. అది కూడా తెలిసిన తర్వాత కలిగిన ఆకర్షణే కాబట్టి పద్ధతి మారలేదు. మరోవైపు, చిన్నప్పటి నుంచీ "అటు చూడకు" అన్న మందలింపుల మధ్య పెరిగినవాళ్లు ఒంటరిగా ఉన్నప్పుడు కూడా తమ ఊహను తామే అదుపులో పెట్టుకుంటారు. అలాంటివాళ్లకు ఆకర్షణ కలగగానే దాని వెనకే తప్పు చేశానన్న భావం వస్తుంది. ఏమీ కలగకపోవడం వేరు, కలిగిన మరుక్షణం దులిపేసుకోవడం వేరు. ఆ తప్పుచేసిన భావం జాడ కనిపిస్తే, ముందు దాని గురించి ఆలోచించాలి.

ఒక్కసారి చేసుకునే పరీక్షకన్నా తన గతాన్ని కాగితం మీద పెట్టడం నమ్మదగిన పని. ఇది ఎలా సాగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. గుంటూరులో పెరిగి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఇరవై ఏడేళ్ల యువతి అనుకుందాం. ఐదు పెళ్లిచూపులు అయ్యాయి, ఐదుసార్లూ "ఏమో, తెలియడం లేదు" అంది. ఇంట్లో విసిగిపోయారు. ఆమెకు తనమీద తనకే అనుమానం వచ్చి ఒక నోట్‌బుక్ తీసి నాలుగు గడులు గీసింది: ఎవరు, పరిచయం ఎప్పుడు, ఆకర్షణ ఎప్పుడు, ఆ మధ్యలో ఏం జరిగింది.

మొదటి వరుసలో ఇంటర్ రోజులు. క్లాసులో అమ్మాయిలంతా ఒక సినిమా హీరో గురించి కలవరించేవాళ్లు. ఆమె కూడా అతని ఫొటో పుస్తకంలో పెట్టుకుంది. నిజాయితీగా ఆలోచిస్తే అది నలుగురితో కలవడానికి చేసిన పని అని అర్థమైంది. మూడో గడిలో "లేదు" అని రాసింది. రెండో వరుసలో ఇంజనీరింగ్ స్నేహితుడు. మొదటి సంవత్సరంలో పరిచయం, మూడో సంవత్సరం చివర్లో ఆకర్షణ. మధ్యలో రెండేళ్లు ఒకే బస్సులో ప్రయాణం, అతను తన ఇంటి గొడవల గురించి చెప్పడం, ఆమె తన భయాలు చెప్పుకోవడం. మూడో వరుసలో ఉద్యోగంలో చేరాక ఒకే ఫ్లాట్‌లో ఉండే స్నేహితురాలి అన్నయ్య. పరిచయమైన ఏడాదికి ఆకర్షణ. తర్వాత ఐదు వరుసలు పెళ్లిచూపులవి. ఐదింటిలోనూ మూడో గడి ఖాళీ.

అక్కడితో ఆగితే పొరపాటయ్యేది. ఆమె ఇంకో పని చేసింది. బాగా దగ్గరైనా ఆకర్షణ కలగనివాళ్లను కూడా రాసింది. అలాంటి మగ స్నేహితులు నలుగురు తేలారు. ఇది ముఖ్యమైన సంగతి. అనుబంధం ఏర్పడితే ఆకర్షణ వచ్చి తీరుతుందని కాదు, అనుబంధం లేనిదే రాదని మాత్రమే. స్నేహితులందరి మీదా మనసు పడతారేమో అన్న అనుమానం డెమిసెక్సువల్ వ్యక్తుల మీద తరచుగా పడుతుంది, దానికి ఆధారం లేదు.

పెళ్లిచూపుల వరుసల పక్కన ఆమె మరో ప్రశ్న వేసుకుంది. ఆ గదిలో కూర్చున్నప్పుడు భయం వేసిందా? మొదటి రెండుసార్లు వేసింది, చేతులు వణికాయి. తర్వాత అలవాటైపోయి మామూలుగా మాట్లాడింది, ఐదోసారి అబ్బాయితో కలిసి నవ్వింది కూడా. అయినా ఆకర్షణ గడిలో ఏ మార్పూ లేదు. ఆ ఒక్క పరిశీలన బిడియాన్నీ డెమిసెక్సువాలిటీనీ స్పష్టంగా విడదీస్తుంది. బిడియం అలవాటుతో తగ్గుతుంది. మానసిక వైద్యులు దానికి వాడే పద్ధతి కూడా అదే: చిన్న పరిస్థితితో మొదలుపెట్టి, భయం తగ్గేదాకా మళ్లీమళ్లీ ఎదుర్కొని, తర్వాత కాస్త పెద్ద పరిస్థితికి వెళ్లడం. భయం పోయాక ఆకర్షణ బయటపడితే అడ్డుపడింది బిడియమే. భయం పోయినా అక్కడ ఏమీ లేకపోతే కారణం వేరే. ఆమెలో రెండూ ఉన్నాయి. మొదటిది తగ్గింది, రెండోది అలాగే ఉంది.

ఇలా రాసుకునేటప్పుడు జ్ఞాపకం మోసం చేస్తుంది. ఒకరి మీద మనసయ్యాక, మొదటి రోజునుంచే నచ్చారని అనిపించడం మానవ సహజం. అందుకే పాత మెసేజీలు, ఆ రోజుల్లో స్నేహితురాళ్లతో అన్న మాటలు చూసుకోవాలి. ఆ యువతి పాత మెసేజీల్లో ఇంజనీరింగ్ స్నేహితుడి గురించి మొదటి సంవత్సరంలో రాసింది ఒకే ఒక్క వాక్యం, అదీ అతని దగ్గర నోట్స్ బాగుంటాయని. ఇంకొకటి, రెండు అనుభవాలతో జీవితమంతటికీ తీర్పు చెప్పుకోకూడదు. ఇది రక్తపరీక్షతో తేలేది కాదు, వైద్యులు రాసిచ్చే జబ్బు పేరూ కాదు. తన అనుభవానికి సరిపోతే వాడుకోవలసిన మాట, సరిపోకపోతే పక్కన పెట్టవలసిన మాట.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. "తెలిసినవాళ్ల మీదే కదా ఎవరికైనా ప్రేమ పుట్టేది? ఇందులో వింతేముంది?" అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల మాటకు బలం చేకూర్చే పరిశోధన కూడా ఉంది. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయానికి చెందిన డాను స్టిన్సన్ బృందం 2021లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 1,900 మందిని అడిగితే, మూడింట రెండొంతుల మంది తమ బంధం స్నేహంగానే మొదలైందన్నారు. మరి వాళ్లంతా డెమిసెక్సువల్ అవుతారా?

కారు. ఆ అధ్యయనం చెప్పేది బంధాలు ఎలా మొదలయ్యాయన్నది. ఆకర్షణ ఎప్పుడు పుట్టిందన్నది వేరే ప్రశ్న. కాలేజీలో నాలుగేళ్లు స్నేహం చేసి పెళ్లి చేసుకున్న మనిషికి ఆ నాలుగేళ్లలో బస్టాపులో కనిపించినవాళ్ల మీద, తెర మీద కనిపించినవాళ్ల మీద ఆకర్షణ కలుగుతూనే ఉండవచ్చు. స్నేహం అతను ఎంచుకున్న దారి, లేదా అతనికి తటస్థపడిన దారి. డెమిసెక్సువల్ వ్యక్తికి వేరే దారి లేదు. అలాగని మధ్యలో గట్టి సరిహద్దు గీత ఉందనుకోవడమూ సరికాదు. అప్పుడప్పుడు మాత్రమే అపరిచితుల మీద ఆకర్షణ కలిగేవాళ్లు, ఎప్పుడో ఒకసారి కలిగి తర్వాత మళ్లీ కలగనివాళ్లు ఆ అంచున ఎందరో ఉంటారు. ఈ అంచును చూపించి నడిమధ్యన ఉన్నవాళ్ల అనుభవాన్ని కొట్టిపారేయడం అన్యాయం. పదిహేనేళ్ల వయసు నుంచి తోటివాళ్లంతా ఏదో చూస్తున్నారు, తనకు మాత్రమే కనబడటం లేదని దిగులుపడ్డ మనిషికి "అందరూ అంతే" అన్న మాట ఏ విధంగానూ సాయపడదు.

తెలుగు ఇళ్లలో ఈ స్వభావానికి గట్టి పరీక్ష పెళ్లిచూపులే. అరగంట మాట్లాడి, మరుసటి రోజుకల్లా నచ్చారో లేదో చెప్పమనే పద్ధతి మొదటి దారిలో ఆకర్షణ కలిగేవాళ్లకే అనుకూలం. అమెరికాలో కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కొత్త పరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, ఆత్మీయ స్నేహం కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపవలసి వస్తుంది. ఆ అంకెలు అక్కడి స్నేహాలవి, వాటిని కొలబద్దగా పట్టుకోనక్కర్లేదు. కానీ అరగంట ఎంత తక్కువో వాటిని బట్టి అర్థమవుతుంది.

కాబట్టి "నచ్చాడా?" అన్న ప్రశ్నకు తన దగ్గర జవాబు లేదని ఒప్పుకుని, జవాబు ఉన్న ప్రశ్నలకు మారాలి. ఈ మనిషితో మాట్లాడుతుంటే సమయం తెలియకుండా గడిచిందా? ఇతను వినగలడా? ఇతని ముందు తెలియదని ఒప్పుకోగలనా? శారీరకంగా ఇతని మీద అయిష్టం కలుగుతోందా? ఈ చివరి ప్రశ్నను దాటేయకూడదు. ఆకర్షణ ఇంకా లేకపోవడం ఒకటి, దగ్గరకొస్తే ఒళ్లు జలదరించడం మరొకటి. రెండోదాన్ని "తర్వాత అలవాటవుతుందిలే" అని సర్దుకుని పెళ్లికి ఒప్పుకోవడం ప్రమాదం.

గడువు అడగడానికి పదాలు ముందే సిద్ధం చేసుకుంటే మేలు. ఆ గుంటూరు అమ్మాయి ఆరో సంబంధం వచ్చినప్పుడు ఇలా మాట్లాడిందనుకుందాం.

"అమ్మా, అబ్బాయి మంచివాడిలాగే ఉన్నాడు. నేను వద్దనట్లేదు. కానీ ఒక్కసారి చూసి చెప్పమంటే నాకు చేతకాదు. మూడు నెలలు మాట్లాడుకోనివ్వండి."

"మూడు నెలలంటే వాళ్లేమనుకుంటారే? మేము వేరే సంబంధం చూసుకుంటామంటే?"

"అంటే అననీ. తొందరపడి సరేనని, తర్వాత బాధపడేకన్నా నయం కదా. నువ్వు నాన్నగారితో చెప్పు, నేనూ ఉంటాను."

అబ్బాయితో ఫోన్లో చెప్పవలసింది ఇంకా సూటిగా ఉండాలి. డెమిసెక్సువల్ అన్న పదం వాడవలసిన అవసరం కూడా లేదు. "మీతో మాట్లాడడం నాకు బాగుందండి. అయితే నాకు మనిషి బాగా తెలిస్తే తప్ప ఆ రకమైన ఇష్టం కలగదు. ఇది మీలో లోపం కాదు, నా తీరే అంత. మీకు ఆగడం కష్టమనిపిస్తే మొహమాటపడకుండా చెప్పండి." ఇందులో మూడు పనులు జరిగాయి: ఆసక్తి ఉందని తెలిసింది, ఆలస్యానికి కారణం తెలిసింది, తప్పుకునే వీలు అవతలివాళ్లకూ దక్కింది. ఆమె అనుభవంలోని స్నేహాలు రెండూ రోజువారీ సాంగత్యంలో పెరిగినవి కాబట్టి, రాత్రిపూట గంటసేపు లాంఛనంగా మాట్లాడుకోవడంకన్నా కలిసి ఏదో ఒక పని చేయడం ఆమెకు ఎక్కువ ఉపయోగం. ఆదివారం ఇద్దరూ కలిసి వృద్ధురాలైన అత్తకు కళ్లద్దాలు మార్పించడానికి వెళ్తే, చిరాకులో, ఎండలో, క్యూలో మనిషి ఎలా ఉంటాడో కనిపిస్తుంది.

"పెళ్లయ్యాక ప్రేమ అదే వస్తుంది" అని పెద్దలు అంటారు కదా, అది వీళ్లకు సరిపోయే పద్ధతే కదా అనిపించవచ్చు. సగం నిజం. అనుబంధం ముందు, ఆకర్షణ తర్వాత అన్న వరుస రెండింటిలోనూ ఒకటే. కానీ మన ఆచారంలో పెళ్లికీ శోభనానికీ మధ్య దూరం రోజుల్లోనే ఉంటుంది. అనుబంధం ఆ రోజుల్లో ఏర్పడదు. అక్కడ ఒత్తిడి చేస్తే శరీరం కలయికను భయంతో ముడిపెట్టుకుంటుంది, తర్వాత రావలసిన ఆకర్షణకు అదే అడ్డవుతుంది. భార్య అయినా భర్త అయినా ఇష్టం లేనప్పుడు వద్దనవచ్చు, ఎదుటివారు దాన్ని మన్నించాలి. భర్త డెమిసెక్సువల్ అయితే చిక్కు ఇంకో రకంగా ఉంటుంది. మగవాడన్నాక సిద్ధంగా ఉండాలన్న నమ్మకం వల్ల భార్య తనలోనే లోపం వెతుక్కుంటుంది, అతను తన మగతనాన్నే శంకించుకుంటాడు. ఆ గదిలో ఇద్దరూ నిజం మాట్లాడుకోగలిగితే చాలావరకు భారం దిగుతుంది.

అలాంటి జంటలకు సెక్స్ థెరపిస్టులు సూచించే పాత పద్ధతి ఒకటి ఉపయోగపడుతుంది. విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ 1970లో వెలువరించిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చిన ఈ పద్ధతిలో, కొంతకాలం కలయికను ఇద్దరూ ఒప్పుకుని పూర్తిగా పక్కన పెడతారు. చేతులు, భుజాలు, వీపు వంటి చోట్ల స్పర్శతో మొదలుపెట్టి, ఇద్దరికీ హాయిగా ఉన్నప్పుడే తర్వాతి మెట్టుకు వెళతారు. ఇది ఆకర్షణను తయారుచేసే యంత్రం కాదు. ప్రతి స్పర్శా చివరికి ఎక్కడికి దారితీస్తుందో అన్న బెదురును తీసేస్తుంది, అనుబంధం పెరగడానికి చోటిస్తుంది. అన్నీ సవ్యంగా ఉన్నా ఆకర్షణ రాకపోవచ్చు కూడా. ఆ నలుగురు మగ స్నేహితుల వరుస అందుకే ముఖ్యం. మంచి మనిషి, మంచి స్నేహం, అయినా రాలేదంటే అది ఎవరి తప్పూ కాదు. ఆ సంగతి పెళ్లికి ముందే బయటపడేలా గడువు పెట్టుకోవడమే ఇద్దరికీ న్యాయం.

పెళ్లితో సంబంధం లేని మరో చిక్కు స్నేహాల్లో వస్తుంది. ఆకర్షణ స్నేహంలోంచే పుడుతుంది కాబట్టి, చెప్పగానే "ఇన్నాళ్లూ ఇందుకేనా స్నేహం చేసింది?" అన్న నింద ఎదురవుతుంది. మొదటినుంచీ మనసులో పెట్టుకుని స్నేహితుడిలా నటించినవాళ్లూ లోకంలో ఉన్నారు కాబట్టి, ఆ అనుమానం అకారణం కాదు. దీనికి చెప్పగలిగిన జవాబు నిజమే: ఇది కొత్తగా కలిగింది, మొన్నటిదాకా లేదు. ఒకసారి చెప్పి, కాదంటే అక్కడితో ఆపి, కొన్నాళ్లు దూరంగా ఉండి, ఎదుటివారు కోరుకుంటేనే స్నేహానికి తిరిగిరావాలి. ఇలాంటి తిరస్కారం డెమిసెక్సువల్ వ్యక్తికి రెండు దెబ్బలు తగిలిస్తుంది. ఒకేసారి ప్రేమా పోతుంది, మనసు చెప్పుకునే స్నేహితుడూ పోతాడు. అందుకే అనుబంధాలన్నీ ఒకే మనిషి దగ్గర పోగుపడకుండా చూసుకోవడం వాళ్లకు మరింత అవసరం.

ఇక డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలన్నది. ఇక్కడ చూడవలసింది ఒక్కటే: ఎప్పటినుంచి? డెమిసెక్సువాలిటీ సాధారణంగా యవ్వనం మొదలైనప్పటినుంచీ ఒకే తీరుగా ఉంటుంది. అంతకుముందు అపరిచితుల మీద కూడా ఆకర్షణ కలిగి, గత ఆరు నెలలుగానో ఏడాదిగానో పోయిందంటే అది మరో సంగతి. డిప్రెషన్, దానికి వాడే కొన్ని మందులు, థైరాయిడ్ తగ్గడం, ప్రొలాక్టిన్ హార్మోను పెరగడం, మగవారిలో టెస్టోస్టెరాన్ తగ్గడం కోరికను తగ్గిస్తాయి. వీటిలో చాలావాటికి పరీక్షలున్నాయి, చికిత్స ఉంది. మందు మీద అనుమానం ఉంటే దాన్ని సొంతంగా ఆపకుండా, రాసిన డాక్టరుతోనే మాట్లాడాలి. కలయికలో నొప్పి ఉన్నా, గతంలో జరిగిన లైంగిక దాడి జ్ఞాపకాలు అడ్డొస్తున్నా, దాన్ని స్వభావం కిందికి నెట్టేయకుండా సాయం తీసుకోవాలి. అపరిచితుల మధ్య భయంతో ఉద్యోగం, చదువు, బజారు పనులు కూడా ఆగిపోతుంటే అది సోషల్ యాంగ్జయిటీ కావచ్చు, దానికి చికిత్స బాగా పనిచేస్తుంది.

కొందరు వైద్యులకు ఈ స్వభావం గురించి తెలియకపోవచ్చు. "మీకు కోరిక తక్కువ, మందు రాస్తాను" అన్నప్పుడు రోగి ఒక సంగతి గుర్తు చేయవచ్చు. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎం-5, జీవితమంతా కోరిక లేకపోవడానికి తాము అలైంగికులమన్నదే కారణమని చెప్పుకునేవారికి కోరిక లోపమనే జబ్బు పేరు పెట్టకూడదని చెప్పింది. డెమిసెక్సువల్ వ్యక్తుల గురించి అందులో విడిగా లేదు. అయినా డాక్టరు ముందు నాలుగు గడుల నోట్‌బుక్ పెట్టి, ఆకర్షణ ఎవరి మీద ఎప్పుడు కలిగిందో, ఎప్పుడు కలగలేదో చూపిస్తే, తగ్గిన కోరిక ఏదో, మొదటినుంచీ ఉన్న తీరు ఏదో ఆయనకూ తేలిగ్గా తెలుస్తుంది.